మూడు మధ్యగత రేఖలు ఒక్కచోటే ఎందుకు కలుస్తాయి?

మూడు గీతలు ఒకే బిందువులో కలవడం ఊరికే జరిగే పని కాదు. సమాంతరంగా లేని రెండు గీతలు ఎక్కడో ఒకచోట ఖండించుకుని తీరతాయి, అందులో వింతేమీ లేదు. కానీ మూడో గీత సరిగ్గా ఆ బిందువు గుండానే పోవాలంటే దానికో కారణం ఉండాలి. త్రిభుజంలో మూడు మధ్యగత రేఖలు ఒకే బిందువులో కలుస్తాయనీ, ఆ బిందువు ఒక్కో రేఖనూ రెండుకు ఒకటి నిష్పత్తిలో విభజిస్తుందనీ బడిలో చదువుకున్నవాళ్లం చాలామందిమి ఉన్నాం. ఎందుకు కలుస్తాయి, రెండుకు ఒకటే ఎందుకు అని అడిగితే మాత్రం జవాబు చెప్పగలిగేవారు తక్కువ. ఆ కారణం దాగి లేదు. గ్రాఫు కాగితం, స్కేలు, పెన్సిలు దగ్గర పెట్టుకుని చదివితే కళ్లకే కనిపిస్తుంది.

ముందు ఒక త్రిభుజం గీయండి. అడుగున 14 సెంటీమీటర్ల అడ్డగీత. దాని ఎడమ కొన చ, కుడి కొన ట. చ నుంచి కుడివైపు 4 సెంటీమీటర్లు జరిగి, అక్కడినుంచి నిట్టనిలువుగా 12 సెంటీమీటర్లు పైకి వెళ్తే వచ్చే బిందువు క. ఈ మూడింటినీ కలిపితే మన త్రిభుజం సిద్ధం. దీని వైశాల్యం 14ను 12తో గుణించి సగం చేస్తే వచ్చే 84 చదరపు సెంటీమీటర్లు. ఏ రెండు భుజాలూ సమానం కాని త్రిభుజాన్ని కావాలనే తీసుకున్నాను. సమబాహు త్రిభుజంలో మధ్యగత రేఖ, కోణాన్ని సగం చేసే రేఖ, శీర్షం నుంచి భుజం మీదికి దించిన లంబం అన్నీ ఒకటే అయిపోతాయి. అప్పుడు ఏది ఎందువల్ల జరుగుతోందో తేల్చుకోలేం. మన త్రిభుజంలో క నుంచి దించిన లంబం అడుగు భుజాన్ని చ నుంచి 4 సెంటీమీటర్ల దగ్గర తాకుతుంది. క దగ్గరి కోణాన్ని సగం చేసే రేఖ దాదాపు 6.3 సెంటీమీటర్ల దగ్గర తాకుతుంది. మధ్యగత రేఖ 7 సెంటీమీటర్ల దగ్గర, అంటే సరిగ్గా నడిమధ్యన తాకుతుంది. శీర్షాన్ని ఎదుటి భుజం మధ్యబిందువుతో కలిపేదే మధ్యగత రేఖ. కోణాన్ని అది సగం చేయనక్కర్లేదు, భుజానికి లంబంగా ఉండనక్కర్లేదు.

మధ్యబిందువుల సంగతి కాసేపు పక్కన పెట్టి, ఒక చిన్న పరీక్ష చేద్దాం. ప్రతి భుజం మీదా సగం దగ్గర కాకుండా మూడో వంతు దగ్గర గుర్తు పెట్టండి. చట భుజం మీద చ నుంచి 4.7 సెంటీమీటర్లు, టక మీద ట నుంచి 5.2, కచ మీద క నుంచి 4.2. ఒకే వరసలో తిరుగుతూ గుర్తులు పెట్టాలన్నది మరచిపోవద్దు. ఇప్పుడు ప్రతి శీర్షాన్నీ ఎదుటి భుజం మీది గుర్తుతో కలపండి. మూడు గీతలూ ఒకచోట కలవవు. రెండేసి చొప్పున మూడు చోట్ల ఖండించుకుని, మధ్యలో ఒక చిన్న త్రిభుజాన్ని మిగులుస్తాయి. ఆ చిన్న త్రిభుజం వైశాల్యం పెద్దదానిలో సరిగ్గా ఏడో వంతు, అంటే 12 చదరపు సెంటీమీటర్లు. గుర్తులను మూడో వంతు నుంచి అయిదింట రెండు వంతుల దగ్గరికి జరిపితే ఆ ఖాళీ పంతొమ్మిదో వంతుకు, దాదాపు 4.4 చదరపు సెంటీమీటర్లకు తగ్గుతుంది. గుర్తులు సగానికి దగ్గరవుతున్నకొద్దీ అది కుంచించుకుపోతూ, సరిగ్గా సగం దగ్గర పూర్తిగా మాయమవుతుంది. సగం దాటితే మళ్లీ తెరుచుకుంటుంది. కాబట్టి మూడు మధ్యగత రేఖలు కలవడం గీతల సహజగుణం కాదు. దాని కారణం మధ్యబిందువుల్లోనే ఉంది.

ఇప్పుడు అసలు మధ్యబిందువులకు వద్దాం. చట మధ్యబిందువును ప అనీ, టక మధ్యబిందువును బ అనీ, కచ మధ్యబిందువును మ అనీ అందాం. మధ్యగత రేఖలు మూడు: క నుంచి ప దాకా, చ నుంచి బ దాకా, ట నుంచి మ దాకా. మూడూ ఒకేసారి గీయొద్దు. చబ, టమ అనే రెండింటినే గీయండి. అవి ఖండించుకునే బిందువుకు గ అని పేరు పెట్టండి. మూడోదాని జోలికి ఇంకా పోవద్దు.

ఇప్పుడు మధ్యగత రేఖ కాని ఇంకో గీత కావాలి. మ, బ బిందువులను నేరుగా కలపండి. కారణమంతా ఈ ఒక్క గీతలో ఉంది. క నుంచి చూస్తే మ సగం దారిలో ఉంది, బ కూడా సగం దారిలోనే ఉంది. క దగ్గరి కోణం చిన్న త్రిభుజం కమబకూ పెద్ద త్రిభుజం కచటకూ ఉమ్మడిదే. కోణం అదే, ఆ కోణాన్ని చేసే రెండు భుజాలూ సగం సగం. అందువల్ల చిన్న త్రిభుజం పెద్దదానికి అచ్చంగా సగం కొలత నకలు. మూడో భుజం మబ కూడా చటలో సగమే ఉంటుంది, దానికి సమాంతరంగానూ ఉంటుంది. మన కాగితం మీద సరిచూసుకోవచ్చు. మ అడుగు గీత నుంచి 6 సెంటీమీటర్ల ఎత్తులో, ఎడమ కొన నుంచి 2 సెంటీమీటర్ల దూరంలో ఉంది. బ కూడా 6 సెంటీమీటర్ల ఎత్తులోనే, ఎడమ కొన నుంచి 9 సెంటీమీటర్ల దూరంలో ఉంది. రెండూ ఒకే ఎత్తులో ఉన్నాయి కాబట్టి మబ అడుగు గీతకు సమాంతరం. 9లోంచి 2 తీసేస్తే 7, అంటే 14లో సగం. దీన్నే తొమ్మిదో తరగతిలో మధ్యబిందువు సిద్ధాంతం అంటారు.

ఇక గ చుట్టూ చూడండి. గ దగ్గర ముక్కులు ఆనించుకుని రెండు త్రిభుజాలు కనిపిస్తాయి. కిందిది గచట, పైది తలకిందులుగా ఉన్న గబమ. గ దగ్గర రెండింటి కోణాలూ ఎదురెదురు కోణాలు కాబట్టి సమానం. చట, మబ సమాంతరాలు కాబట్టి మిగతా కోణాలు కూడా జతజతలుగా సమానమే. కోణాలన్నీ సమానమైతే ఆ రెండు త్రిభుజాలూ సరూపాలు, అంటే ఆకారం ఒకటే, కొలత మాత్రమే వేరు. కొలత ఎంత వేరు? కింది త్రిభుజం భుజం చట 14 సెంటీమీటర్లు, దానికి సరిపోయే పై త్రిభుజం భుజం బమ 7 సెంటీమీటర్లు. కిందిది పైదానికి సరిగ్గా రెండింతలు. ఒక భుజం రెండింతలైతే మిగతావీ రెండింతలే కావాలి. అందువల్ల చగ పొడవు గబకు రెండింతలు, టగ పొడవు గమకు రెండింతలు.

రెండుకు ఒకటి అనే నిష్పత్తిలోని రెండు ఎక్కడినుంచి వచ్చిందో ఇప్పుడు తెలిసింది. మధ్యబిందువుల్ని కలిపే గీత అడుగు భుజంలో సగం ఉండటమే దానికి మూలం. ఆ సగమే తిరగబడి రెండింతలై మధ్యగత రేఖ మీద కనబడుతోంది.

ఇంతవరకు మనం రెండు రేఖల గురించే మాట్లాడాం. మూడోది కూడా గ గుండా పోవాలని ఇంకా ఎక్కడా నిరూపించలేదు. చాలామంది విద్యార్థులు జారిపడేది ఈ మెట్టు దగ్గరే. జవాబుపత్రంలో మొదటి వాక్యమే "మూడు మధ్యగత రేఖలు గ వద్ద కలుస్తున్నాయి అనుకుందాం" అని రాసి, నిష్పత్తి తేల్చి, చివర "కాబట్టి కలుస్తున్నాయి" అని ముగిస్తారు. నిరూపించవలసినదాన్ని ముందే ఒప్పుకుని మొదలుపెట్టిన నిరూపణ అది. బొమ్మలో మూడు గీతలూ ముందే కలిపి గీసి ఉంటే ఈ తప్పు కంటికి కనిపించదు. మూడోది ఇప్పుడే గీయొద్దని నేను పట్టుబట్టింది ఇందుకే.

అసలు వాదన చిన్నదే, కానీ నెమ్మదిగా చదవాలి. టమ రేఖ చబ రేఖను ఎక్కడ ఖండించింది? చ నుంచి బ వరకు ఉన్న దారిలో మూడింట రెండు వంతులు నడిచిన చోట. ఇప్పుడు టమను తుడిచేసి, దాని స్థానంలో కపను గీయండి. ఇందాకటి లెక్కే మళ్లీ చేయవచ్చు. ఈసారి మ, బ బదులు ప, బ మధ్యబిందువులను కలపాలి. ఆ గీత కచ భుజానికి సమాంతరం, దానిలో సగం. మళ్లీ రెండు సరూప త్రిభుజాలు వస్తాయి, మళ్లీ ఒకటి రెండోదానికి రెండింతలు. అంటే కప రేఖ కూడా చబను ఖండించేది చ నుంచి మూడింట రెండు వంతులు నడిచిన చోటే. చబ అనే ఒక్క గీత మీద చ నుంచి మూడింట రెండు వంతుల దూరంలో బిందువులు ఎన్ని ఉంటాయి? ఒక్కటే. టమ వచ్చి తగిలిందీ అక్కడే, కప వచ్చి తగిలిందీ అక్కడే. కాబట్టి మూడూ ఒకే బిందువులో కలిశాయి.

ఇక్కడ నాకు అన్నిటికన్నా నచ్చే విషయం ఒకటుంది. మనం పాఠంలో వీటిని రెండు వేర్వేరు సత్యాలుగా చదువుకుంటాం. మొదటిది మూడు రేఖలు కలవడం, రెండోది రెండుకు ఒకటిగా విడిపోవడం. మొదటిది ముఖ్యమైనదనీ, రెండోది దాని తోక అనీ అనిపిస్తుంది. నిజానికి వరస తిరగబడి ఉంది. ముందు వచ్చేది నిష్పత్తి. ఏ రెండు మధ్యగత రేఖల్ని తీసుకున్నా అవి ఒకదాన్నొకటి రెండుకు ఒకటిగానే కోస్తాయి కాబట్టే మూడోదానికి వేరే చోటికి వెళ్లే దారి లేకుండా పోయింది.

కాగితం మీద అంకెలతో కూడా చూసుకుందాం. క 12 సెంటీమీటర్ల ఎత్తులో ఉంది, ప నేల మీద ఉంది. క నుంచి మూడింట రెండు వంతులు దిగితే 8 సెంటీమీటర్లు దిగినట్టు, కాబట్టి గ ఎత్తు 4. ఎడమ కొన నుంచి కొలిస్తే క 4 దగ్గర, ప 7 దగ్గర ఉన్నాయి. మధ్యలోని 3 సెంటీమీటర్లలో మూడింట రెండు వంతులు అంటే 2. అందువల్ల గ 6 దగ్గర ఉంటుంది. గ స్థానం ఎడమ కొన నుంచి 6, నేల నుంచి 4. ఇప్పుడు చ నుంచి బయలుదేరి చూడండి. చ మూలలో ఉంది, బ అడ్డంగా 9, ఎత్తు 6 దగ్గర ఉంది. వాటిలో మూడింట రెండు వంతులు 6, 4. అదే బిందువు. ట నుంచి మ వైపు వెళితే 14 నుంచి 2కు, అంటే 12 సెంటీమీటర్లు ఎడమకు జరగాలి, 6 సెంటీమీటర్లు పైకి ఎక్కాలి. వాటిలో మూడింట రెండు వంతులు 8, 4. పద్నాలుగులోంచి 8 పోతే 6, ఎత్తు 4. మళ్లీ అదే. స్కేలుతో కొలిస్తే క నుంచి గ వరకు దాదాపు 8.2 సెంటీమీటర్లు, గ నుంచి ప వరకు 4.1 సెంటీమీటర్లు వస్తాయి.

పదో తరగతిలో నిరూపక జ్యామితి చదివినవారికి ఇంకో దారి గుర్తుకొస్తుంది. మూడు శీర్షాల అడ్డ దూరాలు 4, 0, 14 కూడి మూడుతో భాగిస్తే 6. ఎత్తులు 12, 0, 0 కూడి మూడుతో భాగిస్తే 4. ఈ సూత్రం ఆకాశం నుంచి ఊడిపడలేదు. క నుంచి పకు మూడింట రెండు వంతులు వెళ్లడమంటే క వాటా మూడో వంతు, ప వాటా మూడింట రెండు వంతులు. ప అనేది చ, టల మధ్యబిందువు కాబట్టి దాని వాటాను ఆ ఇద్దరూ చెరిసగం పంచుకుంటారు. చివరికి ముగ్గురికీ తలా మూడో వంతు దక్కుతుంది. ముగ్గురికీ సమాన వాటా ఉన్న బిందువు ఏ శీర్షం నుంచి మొదలుపెట్టి లెక్కించినా మారదు. ఇది కూడా ఒక పూర్తి నిరూపణే.

గ్రీకు గణితం గురించి ఇక్కడ ఒక మాట చెప్పాలి. యూక్లిడ్ గ్రంథంలో త్రిభుజం లోపల వృత్తం గీయడం, చుట్టూ వృత్తం గీయడం ఉన్నాయి. వాటి కేంద్రాలు ఎక్కడుంటాయో అక్కడే తెలుస్తుంది. మధ్యగత రేఖలు కలిసే సంగతి మాత్రం అందులో కనిపించదు. ఆ బిందువును నిజంగా పట్టించుకున్నవాడు సిసిలీ ద్వీపంలోని సిరాక్యూస్ నగరానికి చెందిన ఆర్కిమిడీస్. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంవాడు. సమతల ఆకారాల తుల్యత మీద ఆయన రాసిన గ్రంథం మొదటి భాగంలో త్రిభుజం బరువు ఏ బిందువు దగ్గర నిలుస్తుందన్న ప్రశ్న వేసుకున్నాడు. అది మధ్యగత రేఖల ఖండన బిందువేనని నిరూపించాడు. మన తెలుగు పుస్తకాల్లో ఈ బిందువును గురుత్వ కేంద్రం అంటున్నాం గనుక ఆయన ఆలోచనను ఇక్కడ వివరంగా చూడటం న్యాయం.

త్రిభుజాన్ని ఒకే మందం ఉన్న అట్టలోంచి కత్తిరించామనుకోండి. దాన్ని అడుగు భుజానికి సమాంతరంగా సన్నని పట్టీలుగా చీల్చినట్టు ఊహించండి. ఒక్కో పట్టీ తన నడిమధ్యన నిలుస్తుంది. ఆ నడిమి బిందువులన్నీ ఎక్కడున్నాయి? ఆరు సెంటీమీటర్ల ఎత్తులో ఉన్న పట్టీ మ నుంచి బ వరకు, అంటే 2 నుంచి 9 వరకు ఉంది. దాని నడుమ అయిదున్నర. క నుంచి పకు గీసిన రేఖ కూడా ఆ ఎత్తులో సరిగ్గా అయిదున్నర దగ్గరే ఉంది. ఏ ఎత్తులో చూసినా ఇంతే, ఎందుకంటే పట్టీకి పైనున్న త్రిభుజం మొత్తం త్రిభుజానికి చిన్న నకలు. కాబట్టి అన్ని పట్టీలూ కప రేఖ మీద నిలుస్తున్నాయి, మొత్తం అట్ట కూడా ఆ రేఖ మీదే నిలుస్తుంది. పట్టీల కొనలు ఏటవాలుగా ఉంటాయి కదా అనే సందేహం న్యాయమైనదే. పట్టీలు సన్నబడేకొద్దీ ఆ తేడా ఎంత చిన్నగా కావాలంటే అంత చిన్నదవుతుంది. ఆర్కిమిడీస్ దీన్ని మాటలతో దాటేయలేదు. త్రిభుజం లోపల సమాంతర చతుర్భుజాలను పేర్చి, బరువు కేంద్రం మధ్యగత రేఖ మీద లేదనుకుంటే వైరుధ్యం వస్తుందని చూపాడు.

అడుగు భుజం చట కానక్కర్లేదు, మిగతా రెండు భుజాలతో కూడా ఇలాగే చేయవచ్చు. అట్టకు బరువు కేంద్రం ఒక్కటే. అది మూడు మధ్యగత రేఖల మీదా ఉండాలి. మూడు రేఖలూ కలవక తప్పదు.

ఇక రెండుకు ఒకటి సంగతి. అట్టను తీసేసి, క, చ, ట మూడు శీర్షాల దగ్గర మూడు సమానమైన బరువులు పెట్టినట్టు అనుకుందాం. ఒక్కోటి కిలో అనుకోండి. చ, ట దగ్గరి రెండు కిలోలూ వాటి మధ్యబిందువు ప దగ్గర నిలుస్తాయి. కాబట్టి ఆ రెండింటినీ తీసి ప దగ్గరే పెట్టినా తేడా లేదు. ఇప్పుడు కప అనే దండం ఒక కొనకు ఒక కిలో, మరో కొనకు రెండు కిలోలు. కావడి మోసేవారికి ఇది కొత్త లెక్క కాదు. ఒకవైపు కుండ రెండింతలు బరువుంటే భుజం దానివైపు జరుగుతుంది, బరువైన వైపు దండం పొడవు తేలికైన వైపు పొడవులో సగం ఉండాలి. అందువల్ల ఆనవలసిన చోటు ప నుంచి ఒక వంతు, క నుంచి రెండు వంతుల దూరంలో ఉంటుంది. మొదట చ, ట బదులు ట, క జతను తీసుకుంటే ఇదే లెక్క చబ రేఖ మీద జరుగుతుంది. మూడు బరువుల కేంద్రం కూడా మూడు మధ్యగత రేఖల మీదా ఉంది. కాబట్టి అది అట్ట నిలిచే బిందువుతో ఒక్కటే.

పదిహేడో శతాబ్దంలో ఇటలీకి చెందిన జియొవాన్ని చేవా ఈ బరువుల ఊహను పట్టుకుని చాలా దూరం వెళ్లాడు. 1678లో అచ్చయిన గ్రంథంలో శీర్షాల నుంచి ఎదుటి భుజాలకు గీసిన మూడు గీతలు ఎప్పుడు ఒకచోట కలుస్తాయో ఆయన తేల్చిచెప్పాడు. శీర్షాల దగ్గర సమానం కాని బరువులు పెట్టి చూడండి. క దగ్గర రెండు కిలోలు, చ, ట దగ్గర ఒక్కో కిలో. ప ఇప్పుడు కూడా మధ్యబిందువే. కానీ టక మీద బరువు నిలిచే చోటు నడిమిది కాదు, కకు దగ్గరగా జరుగుతుంది. కచ మీద కూడా అంతే. ఆ కొత్త బిందువులకు శీర్షాల నుంచి గీతలు గీస్తే మూడూ ఒకచోట కలుస్తాయి, ఎందుకంటే ఎన్ని బరువులున్నా కేంద్రం ఒక్కటే. కాని క రేఖ మీద నిష్పత్తి ఒకటికి ఒకటి అయిపోతుంది, మిగతా రెండింటి మీద మూడుకు ఒకటి అవుతుంది. ఏదో ఒక బరువుల అమరిక ఉంటే చాలు, మూడు గీతలు కలుస్తాయి. మూడింటి మీదా రెండుకు ఒకటే రావాలంటే ఆ బరువులు సమానం కావాలి. మధ్యబిందువులు అంటే సమాన బరువులని అర్థం. మనం మొదట గీసిన మూడో వంతు గుర్తులకు సరిపోయే బరువుల్ని వెతికి చూడండి, ఎక్కడా దొరకవు. కచటల చుట్టూ తిరుగుతూ ప్రతి శీర్షం బరువూ తరువాతి శీర్షం బరువుకు రెండింతలు కావాలని అవి అడుగుతాయి. ఒక చుట్టు తిరిగి వచ్చేసరికి క బరువు దాని బరువుకే ఎనిమిదింతలు కావాలి. అది కుదరని పని. అందుకే ఆ గీతలు కలవలేదు.

గురుత్వ కేంద్రం గురించి తరచుగా వినబడే రెండు పొరపాట్లున్నాయి. మొదటిది, గ గుండా ఏ గీత గీసినా త్రిభుజం వైశాల్యం సగం సగం అవుతుందనే నమ్మకం. మధ్యగత రేఖల విషయంలో అది నిజమే. కప రేఖకు రెండు వైపులా ఉన్న త్రిభుజాల అడుగు 7 సెంటీమీటర్లే, ఎత్తు 12 సెంటీమీటర్లే, కాబట్టి చెరి 42 చదరపు సెంటీమీటర్లు. మూడు మధ్యగత రేఖలూ కలిసి త్రిభుజాన్ని ఆరు ముక్కలు చేస్తాయి, ఒక్కోటి 14 చదరపు సెంటీమీటర్లు. ఆకారాలు ఆరూ వేరు, వైశాల్యం మాత్రం ఒకటే. కానీ గ గుండా అడుగు భుజానికి సమాంతరంగా ఒక గీత గీసి చూడండి. పైన మిగిలే త్రిభుజం ఎత్తు 8 సెంటీమీటర్లు, మొత్తం ఎత్తులో మూడింట రెండు వంతులు. పొడవులు మూడింట రెండు వంతులైతే వైశాల్యం తొమ్మిదింట నాలుగు వంతులు అవుతుంది. అంటే పైన దాదాపు 37.3, కింద 46.7 చదరపు సెంటీమీటర్లు. తేడా కంటికే తెలుస్తుంది. అయినా అట్టను ఆ గీత మీద ఒక సన్నని అంచుపై పెడితే నిలుస్తుంది. పై భాగం తేలికే గాని, దానిలో కొంత గీతకు దూరంగా, 8 సెంటీమీటర్ల వరకు సాగి ఉంది. కింది భాగం బరువే గాని, అదంతా 4 సెంటీమీటర్ల లోపే ఉంది. సమతూకానికి బరువుతోపాటు దూరం కూడా లెక్కకు వస్తుంది. సమతూకం వేరు, సమభాగం వేరు.

రెండోది, ఏ త్రిభుజమైనా గ దగ్గరే నిలుస్తుందనే నమ్మకం. అట్ట త్రిభుజం నిలుస్తుంది. మూలల్లో సమాన బరువులున్న త్రిభుజం నిలుస్తుంది. కానీ ఇనప తీగను వంచి చేసిన త్రిభుజం అలా నిలవనక్కర్లేదు. అక్కడ పొడవైన భుజం ఎక్కువ బరువు తూగుతుంది. మన త్రిభుజాన్ని తీగతో చేస్తే టక భుజం 15.6 సెంటీమీటర్లు, కచ 12.6 సెంటీమీటర్లు ఉంటాయి కాబట్టి కేంద్రం టక వైపు దాదాపు రెండున్నర మిల్లీమీటర్లు జరుగుతుంది. సమబాహు త్రిభుజంలో మాత్రం ఈ తేడా ఉండదు.

అట్టతో ఇంట్లో చూడాలనుకునేవారు అట్ట అంతటా ఒకే మందంగా ఉండేలా చూసుకోండి. అంచుకు అంటించిన టేపు, ఒకవైపు తడిసిన అట్ట గురుత్వ కేంద్రాన్ని పక్కకు జరిపేస్తాయి. మూల దగ్గర చిన్న రంధ్రం చేసి, గుండుసూదికి వేలాడదీసి, అదే సూదికి చిన్న బరువు కట్టిన దారం వేలాడేయండి. అట్ట ఊగడం ఆగాక దారం వెంబడి గీత గీయండి. ఆ గీత ఎదుటి భుజాన్ని సరిగ్గా నడుమ తాకాలి. తాకకపోతే రంధ్రం బిగుతుగా ఉండి అట్ట స్వేచ్ఛగా ఊగలేదని అర్థం, లేదా రంధ్రం మూలకు బాగా లోపలికి జరిగిందని అర్థం. మూడు మూలల నుంచీ ఇలా చేస్తే మూడు గీతలూ ఒకచోటికి వస్తాయి. స్కేలు పెట్టి కొలిస్తే మూలవైపు ముక్క రెండో ముక్కకు రెండింతలుంటుంది. కానీ ఈ ప్రయోగం నిరూపణ కాదు. పెన్సిలు గీత మందంలో అర మిల్లీమీటరు తేడా ఎప్పుడూ దాక్కుని ఉంటుంది. ఒక త్రిభుజంలో కుదిరింది ప్రతి త్రిభుజంలోనూ కుదురుతుందని అది చెప్పలేదు. ఆ మాట చెప్పగలిగేది మధ్యబిందువుల్ని కలిపే గీత మాత్రమే.

బరువుల లెక్కతో కాగితం మీంచి పైకి కూడా లేవవచ్చు. నాలుగు త్రిభుజపు ముఖాలూ నాలుగు మూలలూ ఉన్న ఘనాకారాన్ని చతుర్ముఖి అంటారు. దాని నాలుగు మూలల్లో నాలుగు సమాన బరువులు పెట్టండి. అడుగు ముఖం మూలల్లోని మూడు కిలోలూ ఆ ముఖం గురుత్వ కేంద్రం దగ్గర నిలుస్తాయి. పై మూల దగ్గర ఒక కిలో ఉంది. మూడు కిలోలకు ఒక కిలో కాబట్టి ఆనవలసిన చోటు పై మూల నుంచి మూడు వంతులు, అడుగు ముఖం నుంచి ఒక వంతు దూరంలో ఉంటుంది. ఏ మూల నుంచి మొదలుపెట్టినా అదే చోటు. చతుర్ముఖిలోని ఈ మూడుకు ఒకటి నిష్పత్తిని 1565లో ఇటలీ గణితవేత్త ఫెదెరికో కొమ్మందినో ఘనాల గురుత్వ కేంద్రాల మీద రాసిన గ్రంథంలో అచ్చువేశాడు. అందుకే ఈనాటికీ దానికి ఆయన పేరే ఉంది.